బొమ్మలో కనిపించని ఎత్తులు

పత్రికల్లో వచ్చే చదరంగం సమస్యలో ఒక బల్ల బొమ్మ ఉంటుంది, కింద ‘తెల్ల ఎత్తు’ అని ఉంటుంది. అంతకుముందు ఎవరు ఏ ఎత్తు వేశారో ఉండదు. చాలా ఎత్తులకు ఆ గతంతో పని లేదు. రెండింటికి మాత్రం ఉంది. రాజు, ఏనుగు అప్పటిదాకా ఒక్కసారి కూడా కదలకపోతేనే క్యాస్లింగ్ చేయవచ్చు. ఎదుటి బంటు సరిగ్గా ఇప్పుడే రెండు గళ్లు దూకి మన బంటు పక్కన వాలితేనే ఎన్ పాసాన్‌గా దాన్ని కొట్టవచ్చు.

చదరంగం సమస్యలు కట్టేవాళ్లు దీనికి రెండు నియమాలు పెట్టుకున్నారు. రాజు, ఏనుగు తమ తొలి గళ్లలో ఉంటే, కదిలాయని రుజువైతే తప్ప క్యాస్లింగ్ చెల్లుతుంది. ఎన్ పాసాన్‌కు ఇది తిరగబడుతుంది: చివరి ఎత్తు ఆ బంటు దూకుడేనని రుజువైతేనే చెల్లుతుంది. తేడాకు కారణం తేలికే. క్యాస్లింగ్ హక్కు ఆట మొదలైనప్పటి నుంచీ ఉన్నదే, పోతే మధ్యలో పోవాలి. ఎన్ పాసాన్ హక్కు అప్పటికప్పుడు పుట్టి, ఒక్క ఎత్తులో వాడుకోకపోతే పోతుంది.

క్యాస్లింగ్ పోయిందని ఎలా రుజువు చేస్తారు? నల్ల రాజు e8లో, ఏనుగు a8లో, బంట్లు a7, b7, c7లలో ఉన్నాయి. నల్లవి ఇంకేమీ లేవు. ఇప్పుడు ఆడాల్సింది తెల్ల. అంటే చివరి ఎత్తు నల్లది. బంట్లు వెనక్కి నడవవు కనుక, ఏడో వరుసలో ఉన్న నల్ల బంటు ఎప్పుడూ కదలలేదన్నట్టే. ఇక కదిలింది రాజో, ఏనుగో కావాలి. ఏది కదిలినా క్యాస్లింగ్ పోయినట్టే. ఏది కదిలిందో తేల్చాల్సిన అవసరం కూడా లేదు.

ఎన్ పాసాన్ రుజువుకు మరో స్థితి చూద్దాం. తెల్ల రాజు c5లో, తెల్ల బంట్లు a4, a6, c6, e5, e6లలో ఉన్నాయి. నల్ల రాజు a5లో, నల్ల బంటు d5లో ఉన్నాయి. ఆడాల్సింది తెల్ల. e5 బంటు d5 బంటును ఎన్ పాసాన్‌గా కొట్టవచ్చా?

చివరగా కదిలింది నల్ల రాజా, బంటా అన్నది మొదటి ప్రశ్న. రాజు a5కు వచ్చి ఉంటే పక్క గడి నుంచే రావాలి. ఏది ఎక్కడి నుంచి కదిలినా ఆ గడి ఇప్పుడు ఖాళీగా ఉండాలి. a4, a6లలో తెల్ల బంట్లున్నాయి కనుక అవి కావు. b4, b5, b6 మూడూ తెల్ల రాజుకు ఆనుకుని ఉన్న గళ్లు. రెండు రాజులు పక్కపక్కన నిలబడకూడదు. కాబట్టి కదిలింది బంటే.

మరి ఆ బంటు ఎక్కడి నుంచి వచ్చింది? c6, e6లలో తెల్ల బంట్లున్నాయి కనుక దేన్నో కొడుతూ ఏటవాలుగా రాలేదు. d6 నుంచి ఒక గడి నడిచిందంటే, అంతకుముందు d6లో నిలబడి c5లోని తెల్ల రాజుకు చెక్ ఇస్తూ ఉండాలి. నల్ల వంతు వచ్చినప్పుడు తెల్ల రాజు చెక్‌లో ఉండటం కుదరదు. మిగిలింది d7 ఒక్కటే. బంటు దూకిందని రుజువైంది, ఎన్ పాసాన్ చెల్లుతుంది.

ఇదే బొమ్మలోంచి a6 బంటును తీసేయండి. రాజు a6 నుంచి a5కు వచ్చి ఉండే వీలు ఏర్పడుతుంది. దూకుడు జరగలేదని దీనితో తేలదు, జరిగిందనే రుజువు మాత్రం పోతుంది. హక్కు పోవడానికి అంతే చాలు.

రెండు హక్కులూ ఒకదానికొకటి ముడిపడితే చిక్కు పెరుగుతుంది. పై బొమ్మలో a4, a6 బంట్లను తీసేసి, నల్ల రాజును e8కు జరిపి, a8లో ఏనుగును, a7లో నల్ల బంటును చేర్చండి. ఇప్పుడు చివరి ఎత్తు d5 బంటు దూకుడైనా కావాలి, రాజో ఏనుగో కదిలైనా ఉండాలి. మొదటిదైతే ఎన్ పాసాన్ ఉంది, నల్లకు క్యాస్లింగ్ కూడా మిగిలింది. రెండోదైతే రెండూ లేవు. అలాంటప్పుడు సమస్యను రెండు భాగాలుగా విడదీసి, ఒక్కో గతానికి ఒక్కో జవాబు చెప్పాలన్నది కట్టుబాటు.

కంప్యూటర్‌కు ఈ తర్కమంతా చెప్పాల్సిన పని లేదు. స్థితిని రాసుకునే FEN వరుసలోనే ఆ రెండు హక్కులకూ చోటుంది. మొదట చూసిన ఎన్ పాసాన్ బొమ్మ ఇలా ఉంటుంది:

```
8/8/P1P1P3/k1KpP3/P7/8/8/8 w - d6 0 1
```

`w` అంటే తెల్ల ఎత్తు. దాని తర్వాతి గీత ఎవరికీ క్యాస్లింగ్ లేదని చెబుతుంది. `d6` అనేది బంటు దాటి వచ్చిన గడి. అచ్చులో బొమ్మ చూసి ఈ వరుసను మీరే నింపుతుంటే, క్యాస్లింగ్ చోట కాదని రుజువయ్యేదాకా హక్కు రాయండి, ఎన్ పాసాన్ చోట రుజువు దొరికేదాకా గీతే ఉంచండి.