మంగళవారం కాల్ బదులు నాలుగు వాక్యాలు

సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో వారానికోసారి జరిగే స్టేటస్ కాల్ మీద క్యాంటీన్‌లో విసుక్కోనివాళ్లు అరుదు. అదే మాట టీమ్ గ్రూపులో పెట్టమంటే మాత్రం అందరూ వెనక్కి తగ్గుతారు. ధైర్యం చేసి పెట్టినవాళ్లు కూడా చాలావరకు ఒకే తీరున పెడతారు: "ఈ కాల్ నిజంగా అవసరమా? మెయిల్ పెట్టుకుంటే సరిపోదా?" దాని కింద రెండు నవ్వు ఎమోజీలు పడతాయి. లీడ్ ఏమీ అనరు. వచ్చే వారం కాల్ మామూలుగానే జరుగుతుంది.

అలా అడిగితే పని కాకపోవడానికి కారణం తేలిగ్గానే కనిపిస్తుంది. ఆ కాల్ పెట్టింది లీడే. పని ఎక్కడిదాకా వచ్చిందో పైవాళ్లు ఆయన్నే అడుగుతారు, ఆయన జవాబు చెప్పాలి. కాల్ తీసేస్తే ఆ జవాబు తనకు ఎక్కడ దొరుకుతుందో మెసేజ్‌లో లేదు. పైగా, నలుగురిలో తన మీటింగ్‌ను దండగ అన్నట్టు ధ్వనించింది. ఇక ఆయన ఎందుకు ఒప్పుకోవాలి?

ఒక టీమ్‌ను ఊహించుకుందాం. రాయదుర్గంలో ఏడుగురు, న్యూజెర్సీలో ఇద్దరు. ప్రతి మంగళవారం రాత్రి ఎనిమిదిన్నరకు గంటంపావు కాల్. అక్కడివాళ్లకు అది ఉదయం 11 గంటలు. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు కాబట్టి, అక్కడి 11 గంటలు ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది. కాల్ ముగిసేసరికి పావు తక్కువ పదకొండు. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. తొమ్మిది మంది, 75 నిమిషాలు అంటే వారానికి 11 గంటల 15 నిమిషాల పని సమయం.

ఈ లెక్కను నేరుగా గ్రూపులో విసిరితే మళ్లీ ఫిర్యాదే అవుతుంది. దానికంటే ముందు రెండు మూడు వారాలు కాల్‌లో కూర్చుని, ఏ మాటకు ఎన్ని నిమిషాలు పోతున్నాయో ఒక కాగితం మీద రాసుకోవాలి. మన ఊహా టీమ్‌లో లెక్క ఇలా తేలిందనుకుందాం: ఒకరి తర్వాత ఒకరు తమ పని చెప్పడానికి 50 నిమిషాలు, ముగ్గురికి మాత్రమే సంబంధించిన ఏదో ఒక చిక్కు గురించి 20 నిమిషాలు, మిగతా ఐదు "వినిపిస్తోందా", "మ్యూట్‌లో ఉన్నారు" అనేవాటికి. ఆ 50 నిమిషాల్లో ఒక్కొక్కరు మాట్లాడేది ఐదారు నిమిషాలు. మిగతా సేపంతా రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు తమ వంతు కోసం చూడటమే. తీసేయాల్సింది ఈ 50 నిమిషాలను. ఆ 20 నిమిషాల చిక్కును రాతలోకి మార్చబోతే అది రోజంతా సాగే మెసేజ్‌ల గొలుసు అవుతుంది. దాన్ని మాటల్లోనే ఉంచాలి, కాకపోతే ఆ ముగ్గురితోనే. ఈ రెండింటినీ విడదీసి చూపించడమే ప్రతిపాదనకు అసలు బలం.

ఇంత సున్నితం లేకుండా ఒక్క వేటుతో చేసినవాళ్లూ ఉన్నారు. కెనడాకు చెందిన షాపిఫై కంపెనీ 2023 జనవరిలో, ముగ్గురు అంతకన్నా ఎక్కువమంది ఉండే పునరావృత మీటింగులన్నింటినీ క్యాలెండర్ల నుంచి తీసేసింది. నిజంగా కావాల్సినవి తిరిగి పెట్టుకోవడానికి రెండు వారాలు ఆగమంది. కానీ అది పైనుంచి వచ్చిన ఆదేశం. కింద ఉన్న ఇంజనీర్‌కు ఆ వసతి లేదు. అతను అడిగి ఒప్పించుకోవాలి.

అందుకే మొదటి మెసేజ్ గ్రూపులో పెట్టకూడదు. లీడ్‌కు విడిగా పెట్టాలి. మన ఆఫీసుల్లో ఇది మర్యాద మాత్రమే కాదు, పని జరిగే దారి కూడా. "అన్నా, మంగళవారం కాల్ గురించి ఒక ఆలోచన వచ్చింది. స్టేటస్ చెప్పే భాగం సోమవారమే రాసి పెట్టేస్తే, మంగళవారం ఉదయం మీరు పైకి పంపే రిపోర్ట్‌కు అది చేతిలో ఉంటుంది. గ్రూపులో పెట్టేముందు మీతో చెబుదామని." ఈ నాలుగు ముక్కల్లో కాల్ వృథా అన్న మాట ఎక్కడా లేదు. లీడ్‌కు తన రిపోర్ట్ ఒక పూట ముందే చేతికొస్తుంది. ఆయన "వద్దులే" అంటే అక్కడితో ఆగొచ్చు, ఎవరి ముఖమూ చిన్నబోదు. "సరే, పెట్టు" అంటే గ్రూపులో పెట్టేటప్పటికే ఆయన మీ పక్షాన ఉంటారు.

ఇప్పుడు గ్రూపు మెసేజ్. నిజానికి ఇలాంటివి ఇంగ్లిష్‌లోనో, ఇంగ్లిష్ అక్షరాల తెలుగులోనో రాస్తారు. చదువుకోవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

"అందరికీ ఒక ప్రతిపాదన. మంగళవారం కాల్‌లో ఎక్కువ సమయం ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పుకోవడానికే పోతోంది. వచ్చే నాలుగు వారాలు ఆ భాగాన్ని రాతలో పెట్టి చూద్దామా? సోమవారం సాయంత్రం ఐదింటిలోగా ఒక్కో థ్రెడ్‌లో అందరం నాలుగు వాక్యాలు రాద్దాం. మంగళవారం స్లాట్ అలాగే ఉంటుంది, కానీ 20 నిమిషాలే. థ్రెడ్‌లో ఎవరైనా మాట్లాడాల్సిన విషయం రాస్తేనే, దానికి సంబంధించినవాళ్లమే చేరదాం. ఏమీ లేకపోతే సోమవారం రాత్రే రద్దు మెసేజ్ పెడతాను. మొదటి థ్రెడ్ నేనే తెరుస్తాను. నాలుగు వారాల తర్వాత బాగాలేదనిపిస్తే పాత పద్ధతికి వెళ్దాం. ఇబ్బంది ఉన్నవాళ్లు గురువారంలోగా ఇక్కడైనా, నాకు విడిగానైనా చెప్పండి."

కొంచెం పొడవే. కానీ ఇందులో ప్రతి మాటకూ పని ఉంది. నాలుగు వారాలు అన్నాం కాబట్టి, ఎవరూ శాశ్వతంగా దేన్నీ వదులుకుంటున్నట్టు అనిపించదు. స్లాట్ అలాగే ఉంటుంది అన్నాం కాబట్టి, న్యూజెర్సీ వాళ్లకు తమను పక్కన పెడుతున్నారన్న అనుమానం రాదు. థ్రెడ్ తెరిచేది, రద్దు మెసేజ్ పెట్టేది నేనే అనడం వల్ల లీడ్ నెత్తిన కొత్త పని పడదు. ఆలోచన ఒకరిది, చాకిరీ ఇంకొకరిది అయితే అది రెండో వారంలోనే ఆగిపోతుంది. ఇక "విడిగానైనా చెప్పండి" అన్నది మన దగ్గర తప్పనిసరి. లీడ్ ఉన్న గ్రూపులో కాదనలేక బొటనవేలు ఎమోజీ నొక్కేవాళ్లు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు. ఆ ఎమోజీని ఒప్పుకోలుగా లెక్కేసుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు.

క్లయింట్ ఉన్న గ్రూపులో ఈ మెసేజ్ పెట్టొద్దు. కాల్ మరీ సాగిన రాత్రి, ఒళ్లు మండి ఉన్నప్పుడు కూడా పెట్టొద్దు. ఎంత మెత్తగా రాసినా అది ఎవరినో ఉద్దేశించినట్టే చదువుతారు.

అనుమతి దొరకడం సగం పనే. థ్రెడ్‌లో ఏం రాస్తున్నారన్నది మిగతా సగం. "రిఫండ్ స్క్రీన్ పని సాగుతోంది" అని రాస్తే లీడ్‌కు ఏమీ తెలియదు. ఫోన్ తీసి అడుగుతారు, అందరికీ అలా ఫోన్లు చేయాల్సి వస్తే తిరిగి కాల్ పెట్టేస్తారు. అదే సంగతిని ఇలా రాయొచ్చు: "రిఫండ్ స్క్రీన్ టెస్టింగ్ అయిపోయింది. ఈ వారం రిపోర్ట్ పేజీ మీద ఉంటాను. అడ్డంకి: బ్యాంక్ వాళ్ల టెస్ట్ అకౌంట్ ఇంకా రాలేదు, శుక్రవారంలోగా రాకపోతే రిలీజ్ ఒక వారం వెనక్కి పోతుంది. కావాల్సింది: బ్యాంక్ వాళ్లతో లీడ్ ఒకసారి మాట్లాడాలి." అయిపోయింది, చేయబోయేది, అడ్డంకి, ఎవరి నుంచి ఏం కావాలి. ఈ నాలుగూ ఉంటే ఒకరి రాత చదవడానికి నిమిషం చాలు. తొమ్మిది మందివీ చదవడానికి పది నిమిషాలు పట్టవు.

గుర్తు చేసే పనిని యంత్రానికి అప్పజెప్పొచ్చు. స్లాక్ వాడే టీమ్ అయితే ఛానల్‌లో ఈ ఒక్క లైను కొడితే చాలు:

```
/remind #team-updates "సోమవారం అప్‌డేట్: ఐదింటిలోగా" every Monday at 3pm
```

ఇలాంటి ఏర్పాటు చెడిపోవడం మొదలైతే పసిగట్టడం కష్టమేమీ కాదు. అందరూ రాస్తారు, థ్రెడ్‌లో ఒక్క జవాబూ ఉండదు. మూడో వారానికి "పోయిన వారం లాగే" అన్న వాక్యం కనిపిస్తుంది. థ్రెడ్‌లో ఉన్న సంగతినే ఎవరో బుధవారం మళ్లీ అడుగుతారు. అంటే ఎవరూ చదవడం లేదు, చదవడం లేదని రాసేవాళ్లకూ తెలిసిపోయింది. దీనికి మందు లీడ్ చేతిలోనే ఉంది. "అడ్డంకి" అని ఎవరు రాసినా అదే రోజు ఆయన కింద ఒక జవాబు పెట్టాలి, "రేపు మాట్లాడతాను" అన్నదైనా సరే. అడ్డంకి రాస్తే పని జరుగుతుందని ఒక్కసారి చూసినవాళ్లు తర్వాతి వారం తప్పకుండా రాస్తారు. విడిగా మాట్లాడిన రోజే లీడ్‌ను ఈ ఒక్కటి అడిగి పెట్టుకోవడం మంచిది.

మనవాళ్లలో ఇంకో చిక్కు ఉంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన కుర్రాడు కాల్‌లో సగం తెలుగు, సగం ఇంగ్లిష్ కలిపి తన పని చక్కగా చెప్పేస్తాడు. నాలుగు వాక్యాలు ఇంగ్లిష్‌లో రాయమంటే అరగంట కూర్చుని, తప్పులు పోతాయన్న భయంతో సగం సంగతి వదిలేస్తాడు. దాంతో అతని పని బయటికి కనిపించదు, అప్రైజల్‌లో దెబ్బ తింటాడు. టీమ్ లోపలి థ్రెడ్‌లో వచ్చిన భాషలో రాయొచ్చని, వాయిస్ నోట్ పెట్టినా సరేనని మొదట్లోనే చెప్పాలి. కాల్‌లో నోరు విప్పని అమ్మాయి థ్రెడ్‌లో అందరికన్నా స్పష్టంగా రాయడం కూడా చూస్తాం.

అన్ని మీటింగులకూ ఇది పనికిరాదు. డిజైన్ విషయంలో ఇద్దరికి పడనప్పుడు, డెడ్‌లైన్ జరపాలా వద్దా అని తేల్చాల్సినప్పుడు ఎదురెదురుగా మాట్లాడాల్సిందే. 2004లో అమెజాన్‌లో జెఫ్ బెజోస్ సీనియర్ల మీటింగుల్లో పవర్‌పాయింట్ వద్దని, వివరంగా రాసుకురమ్మని చెప్పినప్పుడు కూడా మీటింగ్ తీసేయలేదు. ఆ కాగితాన్ని మీటింగ్ మొదట్లో అందరూ మౌనంగా చదివి, ఆ తర్వాత చర్చకు దిగే పద్ధతి అక్కడ స్థిరపడింది. టీమ్‌లో సగంమంది చేరి నెల కూడా కాలేదంటే కొన్నాళ్లు కాల్ ఉంచడమే మేలు. ముఖాలు తెలియకముందే థ్రెడ్‌లో "ఇక్కడ ఇరుక్కుపోయాను" అని రాయడానికి ఎవరికీ మనసొప్పదు.

నాలుగు వారాలు సవ్యంగా గడిస్తే ఒక్క పని మర్చిపోవద్దు. పాత గంటంపావు కాల్ అందరి క్యాలెండర్లలో అలాగే ఉంటుంది, ఏదో ఒక మంగళవారం ఎవరో అందులో చేరతారు, నెమ్మదిగా అది మళ్లీ మొదలవుతుంది. అందరి క్యాలెండర్ల నుంచీ దాన్ని తీయగలిగేది మామూలుగా మీటింగ్ పెట్టినవారే. లీడ్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, మొత్తం వరసను రద్దు చేయకుండా ఈ వారం నుంచి ముందుకు ఉన్నవాటిని మాత్రమే తీయించండి. లేకపోతే పాత మీటింగుల వివరాలు కూడా క్యాలెండర్ నుంచి పోతాయి.