బ్రోచర్‌లో నాలుగో రోజు

కార్తీకమాసం దగ్గర పడుతుందంటే చాలు, మన ఊళ్లలో కాశీయాత్ర కరపత్రాలు పేపర్ మడతల్లోంచి జారి పడుతుంటాయి. పైన విశ్వనాథుడు, పక్కన అయోధ్య బాలరాముడు, కింద బస్సు బొమ్మ. 'కాశీ – గయ – అయోధ్య – ప్రయాగ, 6 రాత్రులు 7 పగళ్లు, తెలుగు భోజనం, సీనియర్ సిటిజన్లకు ప్రత్యేక శ్రద్ధ'. చాలామంది చూసేది క్షేత్రాల పట్టికనూ, కింద ఉన్న ధరనూ. డెబ్బై ఏళ్ల అమ్మానాన్నలను పంపేవాళ్లు ముందు చదవాల్సింది మాత్రం రోజువారీ కార్యక్రమం. ఏజెన్సీ దాచిపెట్టిందనుకున్నది సగం అక్కడే అచ్చయి ఉంటుంది.

ఇలాంటి కరపత్రాల్లో మామూలుగా కనిపించే ఏర్పాటును ఉదాహరణగా తీసుకుందాం. మొదటి రోజు ఉదయం సికింద్రాబాద్‌లో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతారు. రెండో రోజు మధ్యాహ్నం దాటాక మొగల్‌సరాయ్‌లో దిగుతారు. ఆ స్టేషన్‌కు ఇప్పుడు దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని పేరు. అక్కణ్నుంచి కాశీ ఇంచుమించు 17 కిలోమీటర్లు. మూడో రోజు కాశీ దర్శనాలు, నాలుగో రోజు గయ వెళ్లి రావడం, అయిదో రోజు అయోధ్య, ఆరో రోజు ప్రయాగలో సంగమ స్నానం చేసి సాయంత్రానికి రైలు, ఏడో రోజు రాత్రికి ఇల్లు. అంటే ఆరు రాత్రుల్లో రెండు రైల్లోనే గడుస్తాయి. మంచం మీద నడుం వాల్చేది నాలుగే రాత్రులు. అందులో తప్పేమీ లేదు, రైలు యాత్ర అలాగే ఉంటుంది. అయితే ఆ నాలుగు రాత్రుల్లోనూ ఒక రాత్రి సగమే మిగులుతుంది. కారణం నాలుగో రోజు.

'ఉదయం గయకు బయల్దేరి, పిండప్రదానం, విష్ణుపాద దర్శనం, మంగళగౌరి, వీలైతే బోధ్‌గయ చూసుకుని రాత్రికి కాశీ' అని ఒక్క వాక్యంలో రాసేస్తారు. కాశీ నుంచి గయ రోడ్డున దాదాపు 250 కిలోమీటర్లు. టీ కోసం, బాత్రూం కోసం ఆగుతూ పోయే బస్సుకు ఐదారు గంటలు పడుతుంది. ఎనిమిదిన్నరకు గయలో ఉండాలంటే తెల్లవారుజామున మూడింటికి బస్సెక్కాలి, రెండింటికి లేవాలి. గయలో మనవాళ్లు పిండాలు పెట్టేది ప్రధానంగా మూడు చోట్ల: ఫల్గుణీ నది దగ్గర, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం దగ్గర. బస్సు దూరంగా ఆగిపోతుంది. అక్కణ్నుంచి ఆటోలూ నడకా. సంకల్పం చెప్పించి, మూడు చోట్లా తిప్పి ముగించేసరికి మూడు గంటలు తక్కువ కాదు. అంతవరకూ భోజనం ఉండదు. విస్తరి ముందు కూర్చునేసరికి ఒంటిగంట. ఆ తర్వాత మంగళగౌరి అంటే గుట్ట మీది గుడి, మెట్లెక్కాలి. మూడింటికి తిరుగు ప్రయాణం మొదలైతే, దారిలో లారీల రద్దీ లేకపోతే, రాత్రి తొమ్మిది. మెలకువగా ఉన్నది పంతొమ్మిది గంటలు, అందులో పదకొండు పన్నెండు గంటలు బస్సు సీట్లోనే. మర్నాడు పొద్దున్నే మళ్లీ అయోధ్య, మరో 200 కిలోమీటర్ల పైచిలుకు.

షుగర్ మందులు వాడేవాళ్లకు ఇక్కడే చిక్కు. తెల్లవారుజామున అలవాటుగా మాత్ర వేసుకోవడమో ఇన్సులిన్ తీసుకోవడమో చేస్తారు, శ్రాద్ధం కదా అని ఏమీ తినరు. పదకొండింటికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణకడం, అడిగినదానికి పొంతన లేని జవాబు. పక్కవాళ్లు ఎండ దెబ్బనో నీరసమో అనుకుంటారు. చాలాసార్లు అది చక్కెర పడిపోవడం. స్పృహలో ఉంటే వెంటనే గ్లూకోజు నీళ్లో పంచదార నీళ్లో తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆ ఒక్క రోజు మందు ఎంత వేసుకోవాలి, ఎప్పుడు వేసుకోవాలి అన్నది బయల్దేరక ముందే డాక్టరును అడగాలి. పురోహితుడికి కూడా ముందే చెప్పి ఉంచితే పాలో పండో తీసుకోమనేవాళ్లే ఎక్కువ. ఉపవాసాల విషయంలో పురోహితుల కంటే మన పెద్దవాళ్లే పట్టుదలగా ఉంటారు.

దీనికి విరుగుడు కష్టమేం కాదు. గయలో ఒక రాత్రి బస పెట్టమనాలి, లేదా గయకు రైల్లో తీసుకెళ్లమనాలి. మొగల్‌సరాయ్, గయ రెండూ ఢిల్లీ–హౌరా మార్గంలోనే ఉన్నాయి. వేగంగా వెళ్లే రైలు మూడు గంటల లోపే చేరుస్తుంది. ఏజెన్సీ రాత్రి బస ఎందుకు పెట్టదంటే, కాశీలో గదులు మూడు రాత్రులకు కలిపి మాట్లాడుకుని ఉంటుంది. గయలో మళ్లీ గదులు తీసుకుంటే ఒక రాత్రి అద్దె రెండుచోట్ల కట్టుకోవాలి. పది పన్నెండు మంది పెద్దవాళ్లు కలిసి అడిగితే, తలకు కొంత పెంచి ఒప్పుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక 'ప్యాకేజీలో ఉండేవి, ఉండనివి' అన్న పేజీ. మన ఏజెన్సీల బలం వంటమాస్టరు. బియ్యం, పప్పు, ఆవకాయ, గ్యాసు పొయ్యి బస్సు డిక్కీలో పెట్టుకుని పొద్దున ఉప్మా, మధ్యాహ్నం సాంబారన్నం వండి పెడతారు. ఉత్తరాది వంట పడని వాళ్లకు అది పెద్ద ఊరట. అయితే రైల్లో గడిచే రెండు రోజుల భోజనం ఎవరిది? చాలా కరపత్రాల్లో అది మనదే. మిగతాది ఇలా నడుస్తుంది:

"బాబూ, బస్సు విశ్వనాథుడి గుడి దాకా వస్తుందా?"

"రాదమ్మా. పెద్ద బస్సుల్ని లోపలికి రానివ్వరు. ఆటోలు పెడతాం."

"ఆటో డబ్బులు?"

"అవి మీవే అమ్మా. బ్రోచర్‌లో లోకల్ ట్రాన్స్‌పోర్ట్ అని రాశాం కదా."

రాశారు, నిజమే. 'ఉండనివి' అన్న చోట. సంగమంలో పడవ, పురోహితుల దక్షిణ, దంపతులు వేణీదానం చేస్తే దాని ఖర్చు, శీఘ్రదర్శనం టికెట్టు, చక్రాల కుర్చీ తోసే మనిషికి ఇచ్చేది, స్టేషన్లో కూలీ, అన్నీ ఆ పక్కనే ఉంటాయి. ఇవి ఒక్కొక్కటీ చిన్నవే. దంపతులిద్దరికీ కలిపితే ధరలో నాలుగో వంతు దాకా పోవచ్చు. కాబట్టి రెండు కరపత్రాలు పోల్చేటప్పుడు, తక్కువ ధర ఉన్నదానికి ఈ ఖర్చులన్నీ కలిపి చూడాలి. ప్యాకేజీ మీద పడే 5 శాతం జీఎస్టీ ధరలో కలిసి ఉందో, 'అదనం' అని కింద చిన్న అక్షరాల్లో ఉందో కూడా చూడాలి. ఒక్కరే వెళ్లేవాళ్లు గది గురించి విడిగా అడగాలి. ధర సాధారణంగా ఒక గదిలో ఇద్దరు లేక ముగ్గురు ఉంటారన్న లెక్కతో వేసింది. ఒంటరిగా గది కావాలంటే అదనంగా కట్టాలి, లేదంటే ముక్కూ మొహం తెలియని మనిషితో పంచుకోవాలి.

'ప్రత్యేక శ్రద్ధ' అన్న మాట పక్కన వివరం ఏదీ ఉండదు. దాన్ని ప్రశ్నలతో మనమే రాబట్టాలి. గది ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, వెస్టర్న్ టాయిలెట్ గదిలోనే ఉందా అన్నవి అందరూ అడుగుతారు. తక్కువమంది అడిగేది బస్సు దిగాక ఎంత నడవాలి అని. కాశీలో ఆటోలు గోదౌలియా చౌరస్తా దగ్గర వదిలేస్తే అక్కణ్నుంచి గుడికి నడక, తర్వాత క్యూ. 2021 డిసెంబరులో కారిడార్ తెరిచాక గుడి చుట్టూ విశాలమైంది కానీ, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవ దర్శనాలకు ఇరుకు సందులు తప్పవు. ఇంకో సంగతి, విశ్వనాథుడి ఆలయంలోకి సెల్‌ఫోను తీసుకెళ్లనివ్వరు. గుంపులోంచి తప్పిపోయిన పెద్దాయన ఎవరికీ ఫోను చేయలేడు. బస చేసిన చోటు పేరు, చిరునామా, టూర్ మేనేజరు నంబరు హిందీలో రాసిన కార్డు మెడలో వేసే ఏజెన్సీకి పెద్దవాళ్లను తిప్పిన అనుభవం ఉందని నమ్మవచ్చు. అది ఇవ్వకపోతే మనమే రాసి జేబులో పెట్టి పంపాలి.

రైల్లో లోయర్ బెర్త్ మరో మెలిక. 60 దాటిన పురుషులకు, 45 దాటిన స్త్రీలకు రైల్వేలో లోయర్ బెర్త్ కోటా ఉంది. కానీ ఆ కోటా కింద ఒక టికెట్‌పై ఇద్దరికి మించి ఉండకూడదు. ఏజెన్సీ పని తేలిక కోసం ఆరుగురి పేర్లు ఒకే టికెట్‌పై వేసిందంటే ఆ కోటా చేజారినట్టే. ఫలితంగా మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యకు మిడిల్ బెర్త్, ఆమె కింద ఏ పాతికేళ్ల కుర్రాడో. "మా ఇద్దరిదీ విడి టికెట్‌గా, లోయర్ బెర్త్ కోటాలో తీయండి" అని డబ్బు కట్టేటప్పుడే చెప్పాలి. రైలెక్కాక టూర్ మేనేజరు చేయగలిగేది పక్కవాళ్లను బతిమాలడమే.

టికెట్ సంగతిలోనే ఒక నిజం కూడా తేలిపోతుంది. 2024 నవంబరు నుంచి మామూలు రైళ్లకు రిజర్వేషన్ 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తున్నారు. నాలుగు నెలల తర్వాతి యాత్రకు 'టికెట్లు కన్ఫర్మ్ అయ్యాయి' అని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. అప్పటికి అడ్వాన్సు మాత్రమే ఇచ్చి, టికెట్ తీసిన రోజున పీఎన్‌ఆర్ నంబరు అడిగి, 139కి ఫోన్ చేసి చూసుకుని, మిగతా మొత్తం కట్టడం మంచిది.

కాలం గురించి కరపత్రం చెప్పదు. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా గంగ పొంగితే ఘాట్లు మునుగుతాయి, పడవలు ఆపేస్తారు. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకు అక్కడి రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. మూడింటికి గయ బస్సు కదలడమే ప్రమాదం, ముందున్న లారీ కనపడదు. మే నెల ఎండ గురించి చెప్పనే అక్కర్లేదు. పెద్దవాళ్లకు అక్టోబరు చివరి నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా, లేదా ఫిబ్రవరి, మార్చి అనువు. అయితే కార్తీకంలో, శివరాత్రికి కాశీలో క్యూ చాంతాడంత ఉంటుంది.

'అనివార్య పరిస్థితుల్లో కార్యక్రమం మార్చే హక్కు మాది' అన్న వాక్యం ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది. ఉండాలి కూడా, గంగ పొంగితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? పడవ ఖర్చు ప్యాకేజీలో ఉండి, పడవే తిరగకపోతే ఆ డబ్బు వెనక్కి వస్తుందా అన్నది మనం అడగాల్సింది. అలాగే ఆరోగ్యం బాగోక నాలుగో రోజు గయకు రాలేనంటే, ఆ పూట గదిలోనే ఉండనిస్తారా, భోజనం ఎవరు పెడతారు, తోడుగా ఎవరైనా ఉంటారా? ఈ మూడింటికీ ఏజెన్సీ ఇచ్చే జవాబును ఫోనులో విని ఊరుకోకుండా, అడ్వాన్సు రసీదు వెనకాలే రాయించి సంతకం పెట్టించుకోవచ్చు.