కొత్త జిల్లా, పాత సీనియారిటీ: ఆఫీసు పెద్ద సిబ్బందికి ఏం చెప్పగలడు? – అపోహలు, వాస్తవాలు

2016 దసరా ముందు వారాల్లో పాలమూరు, నల్లగొండ కలెక్టరేట్లలో ఫైళ్ల కంటే పుకార్లే ఎక్కువగా నడిచాయి. అక్టోబర్ 11, విజయదశమి నాడు తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ఏర్పడ్డాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. షాద్‌నగర్, ఆమనగల్లు వైపు మండలాలు రంగారెడ్డిలోకి, కొడంగల్ వైపువి వికారాబాద్‌లోకి పోయాయి. ప్రజలకు అది పండుగ. ఆఫీసుల్లో పనిచేసే జూనియర్ అసిస్టెంటుకు, టైపిస్టుకు, అటెండరుకు మాత్రం ఒకటే ప్రశ్న: "ఇక్కడ్నే ఉంటమా సార్, పోవాల్నా? పోతే మళ్ల వాపస్ వస్తమా?"

ఆ ప్రశ్నకు ఆఫీసు పెద్ద ఏం జవాబు చెప్పగలడన్న విషయంలో చాలా అపోహలున్నాయి. ఆ రోజుల్లో ఏది తేలింది, ఏది తేలలేదు అన్నది ఇప్పుడు రికార్డుల్లో స్పష్టంగా ఉంది కాబట్టి ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: పై ఆఫీసర్‌కు అన్నీ ముందే తెలుసు, కావాలనే దాస్తున్నాడు.

వాస్తవం: ఆయన చేతిలో ఉన్నది అందరి చేతిలో ఉన్న కాగితమే. ప్రభుత్వం 2016 ఆగస్టు 22న ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలకు 30 రోజుల గడువు పెట్టింది. అందులో ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి ప్రతిపాదించిన కొత్త జిల్లాలు నాగర్‌కర్నూల్, వనపర్తి మాత్రమే. గద్వాల పేరుతో జిల్లా లేదు. గద్వాలలో ఆందోళన సాగింది. తుది నోటిఫికేషన్ వచ్చేసరికి జోగులాంబ గద్వాల జిల్లా వచ్చి చేరింది. ముసాయిదా నుంచి తుది రూపానికి మధ్య గడిచింది ఏడు వారాలే. సెప్టెంబర్‌లో గద్వాల సిబ్బందిని కూర్చోబెట్టి "మన జిల్లా ఫలానా, ఇక మారదు" అని ధీమాగా చెప్పిన అధికారి ఎవరైనా ఉంటే, ఆయన మాట అక్టోబర్‌లో తప్పయి ఉండేది. "ఇది ముసాయిదా, తుది నోటిఫికేషన్ వచ్చే దాకా మారవచ్చు" అన్న అధికారి మాట నిలిచేది.

అపోహ: కొత్త జిల్లాలో పోస్టింగ్ ఇచ్చారంటే ఆ జిల్లా ఉద్యోగి అయిపోయినట్టే.

ఇది అన్నిటికంటే బలంగా నాటుకున్న అపోహ. దీన్ని నమ్మి కొందరు ఊళ్లు మార్చుకున్నారు, పిల్లల బడులు మార్చారు. వాస్తవం ఏమిటంటే, 2016లో ఉద్యోగులను పంపింది "ఆర్డర్ టు సర్వ్" పద్ధతిలో. అంటే ఫలానా చోట పనిచేయమని ఆదేశం, అంతే. అప్పటికి అమల్లో ఉన్నది రాజ్యాంగం 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. దాని దృష్టిలో జూనియర్ అసిస్టెంటు స్థాయి ఉద్యోగులకు స్థానిక కేడర్ అంటే పాత జిల్లాయే. జిల్లాను విడగొట్టే అధికారం 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. కేడర్‌ను విడగొట్టాలంటే మాత్రం రాష్ట్రపతి ఉత్తర్వు మారాలి. కలెక్టరేటు బోర్డు ఒక్క రోజులో మారింది, కేడర్ మారడానికి ఏళ్లు పట్టింది.

ఒక జూనియర్ అసిస్టెంటును అనుకుందాం. మహబూబ్‌నగర్ కేడర్‌లో నియామకమైంది, 2016 అక్టోబర్‌లో వనపర్తికి పంపారు. ఆమె జీతం వనపర్తి ఆఫీసు నుంచి వస్తుంది. సర్వీసు రిజిస్టరు, చివరి జీతం సర్టిఫికెట్టు అక్కడికే పోతాయి. సెలవు అక్కడి అధికారే ఇస్తాడు. సీనియారిటీ మాత్రం ఉమ్మడి మహబూబ్‌నగర్ జాబితాలోనే ఉంటుంది. రోజూ పనిచేసే జిల్లా ఒకటి, కేడర్ లెక్కల్లో జిల్లా మరొకటి.

ఈ తేడా కాగితానికే పరిమితం కాదని 2017లో తేలిపోయింది. ఉపాధ్యాయ నియామకాల కోసం టీఆర్‌టీ నోటిఫికేషన్‌ను కొత్త 31 జిల్లాల లెక్కన ఇచ్చారు. రాష్ట్రపతి ఉత్తర్వు మారనిదే అది చెల్లదని అభ్యర్థులు కోర్టుకు పోయారు. హైకోర్టు పాత 10 జిల్లాల ప్రకారమే నియామకాలు చేయమంది, నోటిఫికేషన్ మార్చాల్సి వచ్చింది.

అపోహ: కొంచెం ఓపిక పడితే ఏడాదిలో అంతా తేలిపోతుంది.

అప్పట్లో ఆఫీసు పెద్దల నోట సులువుగా దొర్లిన ఓదార్పు ఇదే. జరిగింది చూడండి. కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు 2018 ఆగస్టులో వచ్చింది. రాష్ట్రం ఏడు జోన్లు, రెండు మల్టీ జోన్లు అయింది. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి యాదాద్రి జోన్‌లోకి, పాలమూరు జిల్లాలు జోగులాంబ జోన్‌లోకి వచ్చాయి. అంతలో 2019 ఫిబ్రవరి 17న మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట విడిపోయి వేరే జిల్లా అయింది. 2018 ఉత్తర్వులో ఆ జిల్లా లేదు కదా! దాన్ని జోగులాంబ జోన్‌లో చేరుస్తూ, వికారాబాద్‌ను జోగులాంబ నుంచి చార్మినార్ జోన్‌కు మారుస్తూ ఉత్తర్వును సవరించేసరికి 2021 ఏప్రిల్ అయింది. ఉద్యోగులను కొత్త కేడర్లకు శాశ్వతంగా కేటాయించే మార్గదర్శకాలు, అదే జీవో 317, 2021 డిసెంబర్ 6న వచ్చాయి. "ఏడాదిలో" అన్న మాటకు ఐదేళ్లకు పైగా పట్టింది. ఆ అధికారులు అబద్ధం చెప్పాలనుకోలేదు. తమ చేతిలో లేని తేదీని తమ మాటగా చెప్పారు.

అపోహ: "నాకు తెలియదు" అంటే సిబ్బంది బెదిరిపోతారు, పెద్దరికం పోతుంది.

వాస్తవం: సిబ్బందిని భయపెట్టేది ఏం తెలియదో, ఎంతవరకు తెలియదో ఎవరూ చెప్పకపోవడం. ఆ ఖాళీలోకే పుకారు చొరబడుతుంది. "ఏమో, పైనుంచి రావాలి" అని చేతులు దులిపేసుకోవడం నిజాయితీ కాదు. తెలియని విషయాన్ని పేరు పెట్టి చెప్పాలి. దాన్ని తేల్చేది ఎవరో, ఏ కాగితం వస్తే తేలుతుందో చెప్పాలి. 2016 అక్టోబర్ 10న మహబూబ్‌నగర్‌లో ఒక ఆఫీసు పెద్ద తన సిబ్బందితో ఇలా మాట్లాడి ఉండవచ్చు:

"రేపటి నుంచి కొత్త జిల్లా ఆఫీసులు మొదలవుతాయి. ఎవరు ఏ ఆఫీసుకు పోవాలో ఆర్డర్ కాపీలు ఇక్కడున్నాయి, ఇది ఖాయం. ఇవి ఆర్డర్ టు సర్వ్ ఉత్తర్వులు. మీ సీనియారిటీ పాత జిల్లాలోనే ఉంటుంది, ఇదీ ఖాయమే. ఎన్నాళ్లు అక్కడ ఉండాలో నాకు తెలియదు. రాష్ట్రపతి ఉత్తర్వు మారితే గానీ ఎవరూ చెప్పలేరు, ఎప్పుడు మారుతుందో మన జిల్లాలో ఎవరికీ తెలియదు. తిరిగి తీసుకొస్తానని మాట ఇవ్వలేను, ఆ అధికారం నాకు లేదు. మీ ఎస్‌ఆర్, ఎల్‌పీసీ ఆలస్యం కాకుండా పంపడం నా చేతిలో ఉంది, అది చేస్తాను. కొత్త కాగితం ఏది వచ్చినా అదే రోజు నోటీసు బోర్డు మీద పెడతాను. ఏమీ రాకపోతే, ఏమీ రాలేదని నెల మొదటి సోమవారం చెప్తాను."

ఇందులో చివరి వాక్యం నాకు చాలా ముఖ్యంగా కనిపిస్తుంది. కొత్త కబురు లేనినాడు కూడా చెప్పే రోజు ఒకటి ఉందంటే, మధ్యలో వచ్చే పుకారును నమ్మకుండా సిబ్బంది ఆగగలరు. ఇల్లు ఖాళీ చేయాలా, అద్దెకు ఉండాలా అన్నది "ఎన్నాళ్లో తెలియదు" అన్న ఒక్క మాట మీద ఆధారపడుతుంది. ఆ మాట దాచితే అవతలివాళ్లు లెక్క తప్పి నష్టపోతారు.

అపోహ: ఆప్షన్ ఇచ్చాం కాబట్టి కోరిన జిల్లాయే వస్తుంది.

2021 డిసెంబర్‌లో ఇది చాలామందిని దెబ్బతీసింది. జీవో 317 ఆప్షన్లు అడిగింది నిజమే, కానీ కేటాయింపు సీనియారిటీ వరుసలో జరిగింది. తీవ్ర వైకల్యం ఉన్నవారు, కొన్ని తీవ్ర జబ్బుల వారు, వితంతువులు వంటి ప్రత్యేక కేసులకు ముందు వరుస ఇచ్చారు. వాటిని కాసేపు పక్కన పెట్టి, లెక్క తెలియడానికి ఒక చిన్న ఉదాహరణ వేసుకుందాం. ఒక శాఖలో ఉమ్మడి నల్లగొండ కేడర్‌లో పది మంది ఉన్నారు. కొత్త లెక్కలో నల్లగొండకు ఐదు, సూర్యాపేటకు మూడు, భువనగిరికి రెండు పోస్టులు. పదిలో ఎనిమిది మంది మొదటి ఆప్షన్ నల్లగొండ అని రాశారు. వారిలో సీనియర్లయిన ఐదుగురికే అక్కడ జాగా. మిగతా ముగ్గురు రెండో ఆప్షన్‌కు పోతారు, అదీ నిండితే మూడోదానికి. ఉమ్మడి జిల్లాలో పుట్టి పెరిగిన ఊరు ఎక్కడన్నది ఈ వరుసలో లెక్కకు రాదు. జూనియర్లు సొంత ప్రాంతానికి దూరమయ్యారన్న ఆవేదన అక్కడి నుంచే వచ్చింది. ఉపాధ్యాయులు, ఉద్యోగులు రోడ్డెక్కింది దానికే.

ఈ దశలో ఆఫీసు పెద్దకు తెలిసినవి రెండు: ఏ జిల్లాకు ఎన్ని పోస్టులు, జాబితాలో ఎవరి నంబరు ఎంత. తెలియనిది ఒకటి: మిగతా వాళ్లు ఏ ఆప్షన్ రాస్తారన్నది. గడువు ముగిసే దాకా అది ఎవరికీ తెలియదు. కాబట్టి ఏడో నంబరు ఉద్యోగి వచ్చి "నాకు నల్లగొండ వస్తదా సార్?" అంటే నిజమైన జవాబు అవును, కాదు అని ఉండదు. "మీ పైన ఆరుగురున్నారు, పోస్టులు ఐదు. ఆరుగురిలో ఇద్దరు వేరే జిల్లా కోరితే మీకు వస్తుంది. కోరతారో లేదో నాకు తెలియదు. రెండో ఆప్షన్‌ను మాత్రం ఆలోచించి రాయండి, అదే మీ జిల్లా కావచ్చు." ఈ మాట విన్నవాడు రెండో ఆప్షన్‌ను ఊరికే నింపడు.

అపోహ: సీనియారిటీ జాబితా సర్కారు తయారుచేసింది, అందులో తప్పుండదు.

తప్పులుంటాయి. అవి ఎక్కువగా చేరిన తేదీ దగ్గర, ప్రొబేషన్ పూర్తయిన తేదీ దగ్గర, ఒకే రోజు చేరినవాళ్ల మెరిట్ క్రమం దగ్గర దొర్లుతాయి. ఆర్డర్ టు సర్వ్‌లో వేరే ఆఫీసుకు పోయినవాళ్ల ఎంట్రీలు సర్వీసు రిజిస్టరులో ఆలస్యంగా పడటం మరో కారణం. తాత్కాలిక జాబితా బయటపడిన రోజే ఆఫీసు పెద్ద ప్రతి ఒక్కరి ఎస్‌ఆర్ తెరిపించి, జాబితాలోని తేదీతో పక్కపక్కన పెట్టి సరిచూడమనాలి. తేడా కనిపిస్తే నియామక ఉత్తర్వు నకలు జతచేసి, గడువులోపే రాతపూర్వకంగా అభ్యంతరం పంపించి, అందినట్టు సంతకం తీసుకోమనాలి. గడువు దాటాక చూపిన తప్పును దిద్దించుకోవడం చాలా కష్టం. ఈలోగా కేటాయింపు జరిగిపోతే, అదే తప్పు నంబరు మీద జిల్లా ఖరారవుతుంది.