గుర్రం గెలుపూ, జనం నమ్మకమూ

గుర్రప్పందెం మొదలు కాబోయే ముందు గుర్రాల పేర్ల పక్కన బోర్డు మీద కొన్ని అంకెలు కనిపిస్తవి. ఒకదాని పక్కన 1-1 అని, మరొకదాని పక్కన 50-1 అని ఉన్నదనుకొందాము. మొదటి గుర్రం గెలిస్తే రూపాయి ఒడ్డినవానికి ఆ రూపాయి తిరిగి రావడమే కాక మరొక రూపాయి లాభం వస్తుంది. రెండవది గెలిస్తే 50 రూపాయల లాభం. ఎక్కువమంది నమ్మిన గుర్రాన్ని ఫేవరెట్టు అనీ, ఎవరూ అంతగా నమ్మనిదాన్ని లాంగ్‌షాట్ అనీ అంటారు. జనం ఈ రెండింటినీ సరిగా తూచినారా, లేక ఒకదానివైపు మొగ్గినారా? 50-1 గుర్రం ఒకనాడు గెలిచినంతమాత్రాన ఆ అంకె తప్పని చెప్పలేము. పాత పందేల లెక్కలు వేలకొద్దీ కావాలి.

ముందు ఈ అంకె ఎట్లా పుడుతుందో తెలియాలి. అమెరికా పందెపు మైదానాలలో దీన్ని ఎవరూ నిర్ణయించరు. ఒడ్డిన సొమ్మునంతా ఒకచోట పోగుచేసి, అందులో నిర్వాహకుల భాగం తీసివేసి, మిగిలినది గెలిచిన గుర్రంమీద ఒడ్డినవారికి పంచుతారు. నిర్వాహకుల భాగం నూటికి 18 అనుకొందాము. మొత్తం సొమ్ములో సగం ఒక గుర్రంమీద పడితే, అది గెలిచినప్పుడు రూపాయికి 0.82ను సగంచేత భాగించగా వచ్చే 1 రూపాయి 64 పైసలు ముట్టుతవి. సొమ్ములో ఆ గుర్రానికి దక్కిన భాగమే దాని గెలుపుపై జనాభిప్రాయమన్నమాట. ఆ అభిప్రాయం నిజమైన సంభావ్యతతో సరిపోతే, గుర్రం ఏదైనా సరే, దీర్ఘకాలంలో ప్రతి రూపాయికీ 82 పైసలే తిరిగి రావాలి. నష్టం రావడం వింత కాదు. అది నిర్వాహకుల భాగం. నష్టం గుర్రాన్నిబట్టి మారితేనే మొగ్గు ఉన్నట్లు.

పరీక్ష ఇక్కడనుంచి సులభం. ఒకే విధమైన అంకె గల గుర్రాలన్నిటినీ ఒక గుంపుగా చేర్చాలి. ఊహించిన అంకెలతో ఒక లెక్క చేసి చూద్దాము. 50-1 గుర్రాలు 5,000 పరుగెత్తినవి. గెలిచినప్పుడు రూపాయికి 51 రూపాయలు ముట్టుతవి కనుక, మొగ్గు లేకపోతే గెలవవలసినవి 5,000ను 0.82చేత గుణించి 51చేత భాగించగా సుమారు 80. నిజంగా గెలిచినవి 55 అనుకొందాము. అప్పుడు ఒడ్డిన 5,000 రూపాయలకు తిరిగి వచ్చినవి 2,805. అనగా రూపాయికి 56 పైసలే.

ఈ 25 గెలుపుల లోటు కేవలం అదృష్టంవల్ల రాకూడదా? గెలుపు అరుదైనప్పుడు గెలుపుల సంఖ్య తనంతట తాను అటూఇటూ ఊగే కొలత, అనగా ప్రామాణిక విచలనం, ఇంచుమించు ఆ సంఖ్య వర్గమూలం: 80కి సుమారు 9. లోటు దానికి దాదాపు మూడింతలు కనుక యాదృచ్ఛికమని తోసివేయడం కష్టం. ఇదే 500 గుర్రాలతో చేసి ఉంటే గెలవవలసినవి 8, ఊగిసలాట దాదాపు 3. ఐదే గెలిచినా ఏమీ తేల్చలేము. ఒక్క ఋతువు ఫలితాలు చూసి లాంగ్‌షాట్ల గురించి తీర్పు చెప్పేవారు తరచుగా పొరబడేది ఇక్కడనే.

మరి రెండు జాగ్రత్తలు కావాలి. ఉదయం పత్రికలో వచ్చిన అంచనా అంకెలు కాక, పరుగు మొదలైనప్పటి చివరి అంకెలు తీసుకోవాలి. డబ్బు చెల్లించేది వాటిప్రకారమే. గుంపుల హద్దులు ఫలితాలు చూడకముందే గీయాలి. లేకపోతే మనకు నచ్చిన మొగ్గు కనిపించేదాకా హద్దులు జరుపుకొంటూ పోవచ్చును.

ఇట్టి మొగ్గును మనస్తత్వ శాస్త్రవేత్త గ్రిఫిత్ 1949లోనే అమెరికా పందేలలో గమనించినాడు. 2010లో స్నోబెర్గ్, వోల్ఫర్స్ అనే ఆర్థికవేత్తలు 1992 నుంచి 2001 వరకు అమెరికాలో జరిగిన పందేల వివరాలను పరిశీలించినారు. ఆ గుర్రాల పరుగులు 60 లక్షలకు పైబడినవి. ఏ గుర్రంమీదనైనా గుడ్డిగా ఒడ్డితే నష్టం నూటికి 23. ఎప్పుడూ ఫేవరెట్టుమీదనే ఒడ్డితే 5.5, అంకె 100-1 లేక అంతకు మించిన గుర్రాలమీద ఒడ్డితే సుమారు 61. జనం సాహసాన్ని కోరి లాంగ్‌షాట్లకు డబ్బు పెడతారా, లేక చిన్న సంభావ్యతను పెద్దదిగా భ్రమపడతారా? మొదటి రెండు స్థానాలనూ వరుసగా చెప్పవలసిన పందేల చెల్లింపులతో పోల్చి చూచి, భ్రమ అనే వివరణే బాగా పొసగుతున్నదని వారు తేల్చినారు.

అయినా ఇది అన్నిచోట్లా కనిపించే నియమం కాదు. హాంకాంగ్ పందేలను ఇదే రీతిగా పరిశీలించిన బుషే, హాల్ 1988లో ప్రకటించిన ఫలితాలలో ఈ మొగ్గు కనిపించలేదు. కనుక ఒక మైదానపు లెక్కను మరొక మైదానానికి అంటగట్టక, అక్కడి పాత అంకెలతోనే మళ్ళీ పరీక్షించవలసి ఉంటుంది.