రెండో చిల్లర్ ఎప్పుడు వేయాలి?

పెద్ద ఆసుపత్రుల్లో ఏసీ చల్లదనం చాలావరకు ప్లాంట్ రూమ్‌లోని చిల్లర్ల నుంచి వస్తుంది. చిల్లర్ నీటిని సుమారు 7 డిగ్రీలకు చల్లబరిచి వార్డులకు, ఆపరేషన్ థియేటర్లకు పంపుతుంది. అక్కడి వేడిని తీసుకుని నీరు 12 డిగ్రీల దగ్గర తిరిగొస్తుంది. ఆ వేడిని కండెన్సర్ నీరు మేడ మీది కూలింగ్ టవర్‌కు మోసుకెళ్తే, టవర్ దాన్ని గాలిలోకి వదిలేస్తుంది.

హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రికి 500 టన్నుల చిల్లర్లు మూడున్నాయనుకుందాం. రాత్రి ఒకటి చాలు. పొద్దున ఓపీ మొదలై, ఎండ ముదిరేకొద్దీ రెండోది కావాలి. ఏ క్షణాన వేయాలి, ఎప్పుడు ఆపాలి అన్నదే ఇక్కడి చిక్కు.

ముందు లోడు తెలియాలి. గంటకు ఎన్ని ఘనమీటర్ల నీరు పారుతోందో చూసి, వెళ్లే నీటికీ వచ్చే నీటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాతో గుణించి, 3.024తో భాగిస్తే టన్నులు వస్తాయి. గంటకు 275 ఘనమీటర్లు, 5 డిగ్రీల తేడా అంటే దాదాపు 455 టన్నులు. ఒక్క యంత్రం ఇంకా మోయగలదు, కానీ అంచుకు చేరింది.

450 దాటితే రెండోది వేయి, తగ్గితే ఆపు అని ఒకే గీత గీస్తే, లోడు 440కీ 460కీ మధ్య ఊగే మధ్యాహ్నం పూట యంత్రం అదే పనిగా ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. అందుకే రెండు గీతలు వేరుగా పెట్టాలి. 460 దాటి పావుగంట నిలబడి, వెళ్లే నీరు కోరినదానికంటే ఒక డిగ్రీ వేడెక్కితేనే రెండోది వేయాలి. మొత్తం లోడు 400 కిందికి దిగి ఇరవై నిమిషాలు అక్కడే ఉంటేనే ఆపాలి. అప్పుడు మిగిలిన యంత్రం మీద 80 శాతమే పడుతుంది కాబట్టి, వెంటనే మళ్లీ రెండోది అడగదు. ఈ అంకెలు అన్ని ప్లాంట్లకూ సరిపోవు. వేగం మార్చుకోగల కంప్రెసర్లు రెండు సగం లోడులో నడిస్తే, ఒకటి నిండుగా నడిచినదానికంటే తక్కువ కరెంటు తీసుకునే సందర్భాలున్నాయి. అలాంటి చోట రెండోదాన్ని ముందే వేయడం నయం. కానీ దానితోపాటు తిరిగే పంపుల ఖర్చు కూడా లెక్కలోకి రావాలి.

ఒకసారి మొదలైన యంత్రాన్ని కనీసం అరగంట నడవనివ్వాలి. స్టార్టింగ్‌లో మోటారు మామూలు కంటే ఎన్నో రెట్ల కరెంటు లాగుతుంది. ఆ వేడి చుట్లలోంచి దిగకముందే మళ్లీ స్టార్ట్ చేస్తే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. పైగా ఆయిల్‌లో కరిగిన రిఫ్రిజరెంట్ స్టార్టింగ్‌లో నురగలు కక్కుతుంది, ఆ నురగతోపాటు ఆయిల్ కూడా వెళ్లిపోయి బేరింగులకు కొరత పడుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఓపిక మరింత అవసరం. అప్పటికి పైపుల్లో నీరు వేడెక్కి ఉంటుంది కాబట్టి మొదటి చిల్లర్ నిండు లోడు చూపిస్తుంది. అది చూసి మిగతా రెండూ వేస్తే, నీరు చల్లబడగానే వాటికి పని ఉండదు. నీటి ఉష్ణోగ్రత దిగుతూ ఉంటే ఆగాలి. దిగకపోతేనే రెండోది వేయాలి.

చిల్లర్‌ మార్చేటప్పుడు జరిగే తప్పు అన్నిటికంటే ప్రమాదకరం. నడిచే చిల్లర్‌లో 275 ఘనమీటర్ల నీరు పారుతోంది. ఒకే పంపు నడుస్తుండగా రెండో చిల్లర్ వాల్వు ఠక్కున తెరిస్తే, దాదాపు సగం నీరు అటు మళ్లుతుంది. నీరు సగమైనా కంప్రెసర్ వెంటనే తగ్గదు, 5 డిగ్రీల తేడా 10 అవుతుంది. 12 డిగ్రీల నీరు 2 డిగ్రీలకు పడిపోతుంది. గడ్డకట్టకుండా కాపాడే స్విచ్ చిల్లర్‌ను ట్రిప్ చేస్తుంది. స్టాండ్‌బై ఇంకా మొదలవలేదు, నడుస్తున్నది ఆగిపోయింది, థియేటర్లో సర్జరీ జరుగుతోంది!

కాబట్టి ముందు నడిచే యంత్రం లోడును సుమారు 60 శాతానికి పరిమితం చేయాలి. టవర్ వాల్వు, కండెన్సర్ పంపు సిద్ధమయ్యాక, చల్లనీటి వాల్వును ఒకటి రెండు నిమిషాల్లో మెల్లగా తెరుస్తూ రెండో పంపును దానితోపాటే పెంచాలి. నీరు పారుతోందని ఫ్లో స్విచ్ చెప్పాకే కొత్త కంప్రెసర్ వేయాలి. అది నిలకడగా లోడు తీసుకున్నాక పాతదాన్ని దించి ఆపాలి. పాతదాని పంపులు మరికొన్ని నిమిషాలు తిరగనిచ్చి, ఆ తర్వాతే దాని వాల్వులు మూయాలి.

టవర్ల విషయంలో లెక్క తిరగబడుతుంది. ఫ్యాన్ వేగం సగమైతే కరెంటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఒక ఫ్యాన్ పూర్తి వేగంతో తిరిగే బదులు రెండు సగం వేగంతో తిరిగితే, దాదాపు పావు వంతు కరెంటుతో అంతే గాలి వస్తుంది. అందుకని చిల్లర్ ఒకటే నడుస్తున్నా రెండు టవర్లు వేయడం మంచిదే, అయితే నీరు రెండిట్లోనూ అంతటా తడిపేంత ఉండాలి. ఎండిన చోట ఫిల్ మీద ఉప్పు పేరుకుంటుంది.

ఇదంతా సరిగ్గా సాగుతోందో లేదో చిల్లర్ ప్యానెల్‌లోనే తెలుస్తుంది. నడిచిన గంటలు, స్టార్టుల సంఖ్య అక్కడ ఉంటాయి. గంటల్ని స్టార్టులతో భాగించినప్పుడు గంట కూడా రాకపోతే, ఆ రెండు గీతలూ మరీ దగ్గరగా ఉన్నాయేమో ముందు చూడండి.