ఒక్క అక్షరం చెడితే ఒక తీరు, ముప్ఫై కోస్తే మరో తీరు

డీఎన్‌ఏ పాడవడానికి ఎండ, పొగ అక్కర్లేదు. కణంలో నీరుంటే చాలు. సైటోసిన్ అనే 'సీ' బేస్ నీటితో చర్య జరిపి, తన అమైనో భాగాన్ని పోగొట్టుకుని యురాసిల్‌గా మారుతుంది. ఒక్కో కణంలో రోజుకు సుమారు వంద చోట్ల ఇలా జరుగుతుందని అంచనా. దాన్ని అలాగే వదిలేస్తే, నకలు తీసేటప్పుడు ఎదురుగా 'జీ' బదులు 'ఏ' వచ్చి కూర్చుంటుంది.

అయితే యురాసిల్ ఆర్‌ఎన్‌ఏకు చెందినది, డీఎన్‌ఏలో ఉండాల్సింది కాదు. అందుకే ఇట్టే పట్టుబడుతుంది. దీన్ని తొలగించే ఎంజైమ్‌ను 1974లో టోమస్ లిండాల్ ఈ-కోలై బ్యాక్టీరియాలో కనుగొన్నారు. అది యురాసిల్‌ను పక్కకు తిప్పి, ఆ ఒక్క బేస్‌నే తెంపేస్తుంది. మరో ఎంజైమ్ అక్కడ పోగును కోస్తుంది, ఇంకోటి ఎదుటి 'జీ'ని చూసి 'సీ' పెడుతుంది, చివరిది అతుకు వేస్తుంది. ఇదే బేస్ ఎక్సిషన్ రిపేర్. దీనికీ ఒక బలహీనత ఉంది. మిథైల్ గుంపు తగిలిన సీ చెడితే యురాసిల్ కాదు, మామూలు 'టీ'యే పుడుతుంది. దాన్ని పట్టుకోవడం కష్టం. మన జన్యువుల్లో అలాంటి చోట్లే మార్పులు ఎక్కువ.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు చేసే హాని వేరు. పక్కపక్కనున్న రెండు టీలు ఒకదానికొకటి అతుక్కుపోయి మెలి వంకరపోతుంది. సిగరెట్ పొగలోని బెంజోపైరీన్ కూడా బేస్‌కు పెద్ద గుదిబండలా తగులుకుంటుంది. ఇన్ని రకాలకు ఒక్కో ఎంజైమ్ ఎక్కడ దొరుకుతుంది? అందుకే న్యూక్లియోటైడ్ ఎక్సిషన్ రిపేర్ చెడ్డ అక్షరం ఏదని వెతకదు, వంకరను చూస్తుంది. అటూఇటూ కోసి, మన కణాల్లో ముప్ఫై అక్షరాల దాకా ఉన్న ముక్కను తీసేసి కొత్తది నింపుతుంది. జీరోడెర్మా పిగ్మెంటోజం రోగుల్లో ఇది పనిచేయదు. వారి చర్మకణాలు ఈ పూడిక సరిగా చేయలేవని 1968లో జేమ్స్ క్లీవర్ చూపారు. ఆ పిల్లలకు ఎండ సోకితే చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి.

మూడోదే నాకు అన్నిటికన్నా చిక్కుగా తోస్తుంది. నకలు తీసేటప్పుడు జీ ఎదుట పొరపాటున టీ పడిందనుకోండి. రెండూ ఆరోగ్యంగానే ఉన్నాయి. మరి తప్పు ఏది? కొత్త పోగులో ఉన్నదే తప్పు. ఈ-కోలైలో జీఏటీసీ అన్న చోట పాత పోగులోని ఏకు మిథైల్ గుర్తు ఉంటుంది, కొత్తదానికి అది కాస్త ఆలస్యంగా పడుతుంది. మిస్‌మ్యాచ్ రిపేర్ ఆ గుర్తులేని పోగునే కోసి, తప్పును దాటి కొన్ని వందల అక్షరాలనైనా ఊడదీసి మళ్లీ రాస్తుంది. మనలో ఈ గుర్తు లేదు. కొత్త పోగులో మిగిలి ఉండే తెగిన చోట్లే ఆధారం.

ఇది పుట్టుకతో బలహీనమైతే లించ్ సిండ్రోమ్. పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. ల్యాబ్‌లో గడ్డ ముక్కపై ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 ప్రొటీన్లకు రంగు వేసి చూస్తారు. చుట్టుపక్కల మామూలు కణాల కేంద్రకాలకు రంగు పట్టి, గడ్డ కణాలకు పట్టకపోతే లోపం ఉన్నట్టే. అలాంటి గడ్డల్లో అక్షరదోషాలు పేరుకుపోయి వింత ప్రొటీన్లు పుడతాయి. వాటిని రోగనిరోధక కణాలు పరాయివిగా గుర్తించగలవు. ఇమ్యునోథెరపీ ఇలాంటి రోగుల్లో తరచుగా బాగా పనిచేయడానికి అదొక కారణం.