పేక ఎంత కలిపినా సగటు ఒక్కటే

ఇంటర్ చదివే మా మేనకోడలు పుస్తకంలోని లెక్కను ఫోన్‌తో ఫొటో తీసి పంపింది. అంకెలు వేసిన ముక్కలను బాగా కలిపి వరసగా పరిచారు. తన అంకెకు సరిపోయే స్థానంలోనే పడే ముక్కలు సగటున ఎన్ని? ఇదీ ప్రశ్న. మొత్తం ఎన్ని ముక్కలో రాసినచోటే ఫొటోలో చెయ్యి నీడ పడింది. అయినా మళ్లీ తీయమని చెప్పక్కర్లేదు. పది ముక్కలైనా, వెయ్యి ముక్కలైనా జవాబు 1.

ఇక్కడ అన్ని వరసలనూ లెక్కపెట్టాలని చూస్తే చిక్కుకుపోతాం. ఒక్కో ముక్కనే విడిగా చూడాలి. ఏడో నంబరు ముక్క ఏడో స్థానంలో పడితే దానికి 1 వేద్దాం, లేకపోతే 0. దీన్నే ఇండికేటర్ అంటారు. అన్ని ముక్కల ఇండికేటర్లనూ కూడితే సరిపోయిన ముక్కల సంఖ్య వచ్చేస్తుంది. 52 ముక్కల్లో ఏడోది ఏ స్థానంలోనైనా సమానంగానే పడగలదు కాబట్టి దాని ఇండికేటర్ సగటు 1/52. అలాంటివి 52 ఉన్నాయి. కూడితే 1.

ఇక్కడే పిల్లలకు ఒక సందేహం వస్తుంది, అది న్యాయమైనదే. మొదటి ముక్క తన చోట పడితే రెండోదాని అవకాశం 1/51కి పెరుగుతుంది కదా, ఒకదాని మీద ఒకటి ఆధారపడినవాటిని అలా కూడేయవచ్చా? కూడవచ్చు. సంభావ్యతలను గుణించేటప్పుడు ఆ సంబంధం అడ్డొస్తుంది కానీ, సగటులను కూడేటప్పుడు రాదు. వరసలో ఉన్న పేకను కలపకుండా, ఎక్కడో ఒకచోట కట్ చేసి కింది భాగం పైకి పెట్టామనుకోండి. ముక్కలు ఎన్ని స్థానాలు జరిగాయన్నది 0 నుంచి 51 వరకు ఏదైనా సమాన అవకాశంతో వస్తుందనుకుందాం. అప్పుడు 52 సార్లలో ఒకసారి 52 ముక్కలూ సరిపోతాయి, మిగతా 51 సార్లు ఒక్కటీ సరిపోదు. అయినా సగటు 1.

అంటే సగటు ఒకటి అన్నంత మాత్రాన ప్రతిసారీ ఒక ముక్క సరిపోతుందని కాదు. పేక బాగా కలిపినప్పుడు కూడా ఒక్కటీ సరిపోకపోయే అవకాశం దాదాపు 37 శాతం. ఫ్రాన్స్‌లో మోంమోర్ 1708లో అచ్చువేసిన పుస్తకంలో పట్టుకున్నది ఈ ప్రశ్ననే: ఒకటి నుంచి 13 వరకు పలుకుతూ ముక్కలు తిప్పే ఆటలో, పలికిన అంకె, తిరిగిన ముక్క ఒక్కసారైనా కలుస్తాయా? దీని జవాబు ముక్కల సంఖ్యను బట్టి మారుతుంది. ఫొటోలో ఇదే అడిగి ఉంటే ఆ సంఖ్య కనబడాల్సిందే.

నాలుగు చీటీలతో మీరే చూడండి. మొత్తం 24 వరసలు. తొమ్మిదింటిలో ఒక్కటీ సరిపోదు, ఎనిమిదింటిలో ఒకటి, ఆరింటిలో రెండు, ఒకదానిలో నాలుగూ సరిపోతాయి. సరిపోయినవన్నీ కూడితే 24 వస్తుంది. సరిగ్గా మూడే సరిపోయిన వరస మాత్రం దొరకదు, ఎందుకంటే మూడు చీటీలు తమ చోట కూర్చున్నాక నాలుగోదానికి మిగిలేది దాని చోటే.